పలచనిది, అందుకే యాభై

తిరుపతిలో నేను పనిచేసే గది ఒక మిద్దె మీద ఉంది. కింద జిరాక్సు అంగడి, పైన నేను. ఒక కంప్యూటరు, ఒక మైకు, బయటి మోత లోపలికి రాకుండా గోడలకు వేలాడదీసిన పాత దుప్పట్లు. పల్లెల్లో ఆటోలకు కట్టిన మైకుల్లోంచి చీరల అమ్మకమనో, పరుపుల అమ్మకమనో మాటలు వినబడుతుంటాయి కదా, వాటిలో కొన్ని ఈ గదిలోనే పుడతాయి. రాసేది నేను. చాలాసార్లు చదివేదీ నేనే. "అశేష ప్రజానీకానికి శుభవార్త" అని ఎన్నోసార్లు గొంతు చించుకున్నాను గానీ, ఆ అశేష ప్రజానీకం ఎవరో ఇప్పటికీ నా కంటపడలేదు.

ఆమె, ఆమె భర్త ఒక పొద్దున వచ్చారు. పుత్తూరు పక్కన వాళ్లకు చిన్న షెడ్డు, అందులో నాలుగు కరెంటు మగ్గాలు. ఆమె నేస్తుంది, ఆయన ట్రాలీ ఆటో తోలుతాడు. సంచిలోంచి ఒక తువ్వాలు తీసి నా బల్ల మీద పెట్టింది. తెల్లటి నూలు, అంచుకు ఒక పచ్చ గీత. అంతే. ఇంకేమీ లేదు. మడత విప్పి కిటికీకి అడ్డం పట్టుకున్నాను. ఎదురింటి మిద్దె మీది నీళ్ల ట్యాంకు లీలగా కనబడింది.

"ధరెంత?" అన్నాను.

"యాభై రూపాయలక్కా."

"ఇంత తక్కువెట్ల?"

ఈ ప్రశ్న నేను అందరినీ అడుగుతాను. నా పనికి అవసరమై కాదు, నాకు ఆగదు. అందరూ "పబ్లిసిటీ కోసం" అనో "మా ఫ్యాక్టరీ రేటు" అనో ఏదో ఒకటి తోసేస్తారు. ఈమె మాత్రం తువ్వాలును వెలుతురుకు పట్టుకుని చూపించింది.

"పేక తగ్గించినానక్కా. పడుగంటే నిలువు దారం, పేకంటే అడ్డ దారం. మగ్గం ఒక్కో పేకా కొట్టుకుంటా పోతాది. అంగుళానికి ఎన్ని పేకలు తగ్గితే అంత తొందరగా గుడ్డ దిగుతాది. దారమూ తక్కువ, కరెంటూ తక్కువ. డబ్బా లేదు, కవరు లేదు. మాకూ కొనేవాళ్లకూ నడాన షావుకారు లేడు."

నడాన షావుకారు లేడన్న మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది. అసలు సంగతి అక్కడే ఉంది. పెళ్లయినప్పటి నుంచి వాళ్లు ఒక షావుకారు ఇచ్చిన దారాన్ని కూలికి నేసి ఆయనకే అప్పజెప్పేవాళ్లు. ఆయన తన పేరు వేసుకుని, అట్టపెట్టెలో పెట్టి అమ్ముకునేవాడు. మొదటిసారి సొంతంగా దారం కొని, సొంతంగా నేసి, సొంతంగా అమ్మడానికి ఇప్పుడు బయల్దేరారు.

"ఇవి పోకపోతే మళ్లా ఆయన దారమే మగ్గానికి ఎక్కాల. ఆయన నవ్వుతాడు కూడా" అన్నాడు భర్త. ఆమె తువ్వాలును మళ్లీ అదే మడతల మీద మడిచి పెట్టింది.

నాకు ఆ గుడ్డ మీద మహా కుతూహలం పుట్టింది. మర్నాడు రమ్మని పంపేసి, దాన్ని ఇంటికి తీసుకుపోయి బకెట్లో తడిపాను. నీళ్లు లేత పచ్చగా తిరిగాయి, అంటే రంగు దిగుతుందన్నమాట. పిండి మిద్దె మీద తీగకు ఆరేశాను. పక్కన నా సొంత తువ్వాలు, బొచ్చు బొచ్చుగా ఉండేది, అదీ తడిపి వేశాను. కాఫీ తాగి వచ్చేసరికి ఆమెది తడి సగం వదిలింది. వంట ముగించి వచ్చేసరికి పూర్తిగా ఆరింది. నాది సాయంత్రం దాకా చెమ్మగానే వేలాడింది. తల స్నానం చేసి ఆమె తువ్వాలుతోనే తుడుచుకున్నాను. మధ్యలో ఒకసారి పిండుకోవాల్సి వచ్చింది. ఇవన్నీ కాగితం మీద వేసుకున్నాక, రాయడానికి వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది.

మర్నాడు వాళ్లకు చదివి వినిపించాను.

"అమ్మా, అయ్యా! తువ్వాలు యాభై రూపాయలు. పలచనిది, అందుకే యాభై. దారం తక్కువ పెట్టి నేసినాం. నీళ్లు ఎక్కువ పీల్చదు, తల తుడుచుకునేటప్పుడు ఒకసారి పిండుకోవాల. తొందరగా ఆరతాది. రంగు దిగతాది, మొదటిసారి వేరేగా నానేసుకోండి. పుత్తూరు కాడ మా షెడ్డులో మేమే నేసినాం, మేమే అమ్ముతా ఉండాం."

ఆయన మొహం మాడిపోయింది. "ఇదేందక్కా! పలచన అని మనమే చెప్పుకుంటే ఎవురు కొంటారు? రంగు దిగతాది అంట! అమ్మేదానికి చెప్తాండామా, వద్దనేదానికి చెప్తాండామా?"

"వాళ్లు ముట్టుకోరా? పలచనని వాళ్ల వేళ్లకు తెలీదా?" అన్నాను. "మనం చెప్పకుంటే, యాభైకి ఇస్తాండారంటే ఇందులో ఏదో మోసం ఉండాదని అనుకుంటారు. ఎందుకు యాభయ్యో మనమే చెప్పేస్తే ఇంక వెతికేదానికి ఏముంటాది?"

"పోనీ, చవక అని ఒక మాటన్నా వెయ్యక్కా. భలే చవక అని."

"చవకో కాదో వాళ్లు చెప్తారు. యాభై అనేది మనం చెప్తాం."

ఆమె అప్పటిదాకా వింటూ ఉంది. మెల్లగా, "అక్కా, దీంట్లో అబద్ధం ఒకటీ లేదు కదా" అంది. లేదన్నాను. "అట్లయితే నేనే చెప్తా" అంది. నాకు భలే సంతోషమయింది. మైకు ముందు మొదట్లో వణికింది గానీ, "మేమే నేసినాం" అనే దగ్గర ఆమె గొంతు నిటారుగా నిలబడింది. నా గొంతుతో ఆ మాట ఎన్ని వందలసార్లు చెప్పినా అట్లా రాదు.

ఆటో బయల్దేరింది. వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో బాగానే పోయాయని ఆమె భర్త ఫోను చేశాడు. ఇంటికి ఒకటి, రెండు కొంటున్నారట. పొలం పనికి వెళ్లేవాళ్లు, పిల్లల్ని హాస్టలుకు పంపేవాళ్లు. "ఒకామె ఏమనిందో తెలుసాక్కా? నిజం చెప్పినోడి కాడ బేరమాడేదానికి నోరు రాదు అనింది" అని నవ్వాడు. నేను కాలర్ ఎగరేసుకున్నాను, నా చీరకు కాలర్ లేకపోయినా.

తర్వాత వారం ఫోనులో నవ్వు లేదు. కార్వేటినగరం వైపు వెళ్లారట. అక్కడ ఒక్కొక్కటిగా పోతున్నాయి గానీ డజన్లు కదలడం లేదు. ఈ పక్క తువ్వాళ్లంటే అసలు బేరం డజన్లదే. కొత్తిల్లు చేరినా, చెవులు కుట్టినా, పెండ్లయినా వచ్చిన చుట్టాలకు మగవాళ్లకు తువ్వాలు, ఆడవాళ్లకు రవిక గుడ్డ పెట్టి పంపడం ఆనవాయితీ. షావుకారు తువ్వాళ్లన్నీ అట్లా పోయేవే. ఇవి ఎందుకు పోవడం లేదు?

"ఒక పెద్దామె వచ్చి మూడు డజన్లు తీసి పక్కన పెట్టించిందక్కా. కొత్తిల్లు చేరతా ఉండారంట. ఇంతలో మైకు మళ్లా మోగె. ఆమె తువ్వాళ్లన్నీ యాడివి ఆడ పెట్టేసి ఎల్లిపాయె. ఒక్క మాటా చెప్పలా."

ఇది విన్నాక నేను గదిలో కూర్చోలేకపోయాను. నేను రాసిన మాట విని ఒక మనిషి లేచి వెళ్లిపోయిందంటే ఏ మాట విని వెళ్లిపోయిందో తెలియాలి. పలచన అన్నందుకా? రంగు దిగుతుందన్నందుకా? మరునాడు బస్సెక్కి కార్వేటినగరంలో దిగి, వాళ్ల ఆటోలోనే ఆ పల్లెకు పోయాను.

పెద్దామె కొత్తింటి వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సున్నం వాసన ఇంకా పోలేదు. నేనెవరో చెప్పగానే కింది నుంచి పైదాకా చూసింది.

"ఏమ్మే, ఆ మైకులో రాసింది నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా. తువ్వాలు బాగలేదా?"

"తువ్వాలుకేం, బంగారట్ల ఉండాది. దానికిచ్చే ధరకి దానికంటే బాగా యాడ దొరకతాది?"

"మరి పలచన అని చెప్పినందుకా?"

"పలచన అని నాకు కండ్లు లేవా?" గింజ ఒకటి విసిరేసింది. "ధరమ్మే, ధర! మా తోటికోడలు గుమ్మంలో నిలబడి ఇన్నాది. మా వియ్యంకుడు ఈ ఊరే. ఆయనా ఇన్నాడు. ఊరు ఊరంతా యాభై యాభై అని అరిపిస్తిరి. ఇంక దాన్ని నేను ఎవురి బుజాన యెయ్యాల? ఏసినా, నాకు యాభై రూపాయల మర్యాద చేసింది అని తీసుకుంటాడు కదా ఆయన. ఈ ఊళ్లో అందురూ వంద రూపాయలది పెడతాండారు. నేను సగం పెట్టినట్ల అవతాది."

 ఇన్నేళ్లుగా రాస్తున్నాను, ధర వినేవాడంటే కొనేవాడే అనుకున్నాను. కొనేవాడికి చెబుతున్న మాట తీసుకోబోయేవాడి చెవిలో కూడా పడుతుందని తట్టనే లేదు. మైకు ముందు నిలబడి వినేవాళ్లలో సగం మంది కొనడానికి వచ్చినవాళ్లు కారు, రేపు చుట్టాలుగా రాబోయేవాళ్లు. నాకు సిగ్గు కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది.

"ఒక పని చెయ్యండి" అంది పెద్దామె, గొంతు తగ్గించి. "కవర్లో పెట్టి, దాని మీద నూటయాభై అని ధర సీటీ అతికించియ్యండి. నేను మూడు డజన్లు కాదు, నాలుగు తీసుకుంటా. షావుకారు అట్లే ఇస్తాడు."

ఆటోలో వెనక్కి వస్తుంటే ఆయన ఒకటే మాట. "చూసినావా అక్కా? అబద్ధం మనం చెప్పడంలా. కొనేటోళ్లే అడగతాండారు. పుత్తూర్లో ప్రెస్సులో చెప్తే రేపటికి సీటీలు ఇస్తాడు. ఒక్క ఊర్లో ఇట్లుంటే అన్ని ఊర్లల్లో ఇంతే కదా."

షెడ్డు దగ్గర దిగాం. మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆమె కరెంటు ఆపేసి బయటికి వచ్చి అంతా విన్నది. తువ్వాలుకు నూటయాభై అని అచ్చు వేయడం గురించి చట్టం ఏమంటుందో నాకు తెలియదు. నా చెవికి మాత్రం అది అబద్ధంగానే వినబడుతోందని చెప్పాను. ఆమె వేలెత్తి ఆటో మీది మైకును చూపించింది.

"దాంట్లో నా గొంతు ఉండాది కదా. నా గొంతు యాభై అంటాది. నా కవరు నూటయాభై అంటాదా? ఊరోళ్లు నవ్వరా?"

"మైకు ఆపేస్తే సరిపాయె" అన్నాడు భర్త. "లేదంటే ధర తీసేసి మిగతాది పెడదాం."

ధర తీసేసి పెట్టడంలో అబద్ధం లేదు, అదీ చూద్దామని అక్కడే చదివాను. "తువ్వాలు. పలచనిది. నీళ్లు ఎక్కువ పీల్చదు. రంగు దిగతాది." ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మొదట ఆమె నవ్వింది, తర్వాత ఆయనకూ ఆగలేదు. యాభై ఉన్నంతసేపు నిజాలుగా ఉన్నవన్నీ అది తీసేయగానే లోపాలైపోయాయి. ఆ తువ్వాలు గురించి చెప్పడానికి ఉన్న గొప్ప ఒక్కటే, అది దాని ధర. దాన్ని దాచితే ఇంక ఆ తువ్వాలు అమ్మడమెందుకు?

నవ్వు ఆగాక ఆమె మొహం మళ్లీ వాడింది. "అయితే డజన్లు పోవు కదక్కా. ఒక్కోటీ అమ్ముకుంటా నాలుగు మగ్గాలు ఆడించలేము." అది కూడా నిజమే. నేను రాసిన మాట చక్కగా ఉందని నేను ఇంటికి పోవచ్చు. ఆమె మాత్రం మళ్లీ షావుకారు దారం ఎక్కించుకోవాలి. ఆ సాయంత్రం బస్సులో నాకు మనసేమీ బాగాలేదు.

పెద్దామె మాటే చెవిలో తిరుగుతూ ఉంది. సగం పెట్టినట్ల అవతాది. సగం. ఎవరో టికెట్టు కోసం నా భుజం తట్టారు. సగం అయితే రెండు సగాలు పెడితే సరిపోదా? అందరూ వంద రూపాయల తువ్వాలు ఒకటి పెడుతున్నప్పుడు, పెద్దామె యాభైవి రెండు పెడితే వందే కదా. పైగా దాని ధర ఊరందరికీ తెలుసు. షావుకారు డబ్బాలో ఉన్నదానికి ఎంత పెట్టారో ఎవడికీ నమ్మకం లేదు, అందుకే చీటీ కావాల్సి వస్తోంది. దీనికి చీటీ అక్కర్లేదు, మైకే చెప్పేసింది. నేను బస్సులోనే ఫోను తీశాను.

"పెద్దమ్మకు జత పెట్టమని చెప్పు" అన్నాను, ఆమె హలో అనేలోపే. "ఒకటి కాదు, జత. ఇచ్చేది వంద అని లోకానికంతా తెలుసు. వియ్యంకుడు వేలు పెట్టి లెక్కేసుకున్నా వందే వస్తాది."

అటువైపు మగ్గం మోత ఆగింది. "జత మంచిదే కదా, శుభానికి" అంది. "నేనే పొయ్యి పెద్దమ్మను అడగతా."

పెద్దామె ఒప్పుకోవడానికి రెండుసార్లు తిరగాల్సి వచ్చిందట. ఒక్కో చుట్టానికి రెండు మోయాలి, ఎవరూ ఇట్లా పెట్టలేదు, నవ్వితే ఎవరిది పూచీ అందట. చివరికి ఒక షరతు పెట్టింది: ఆ జత మాట మైకులో రావాలి, ఊరంతా వినాలి, అప్పుడే కొంటానంది. ధర వినబడిందని వెళ్లిపోయిన మనిషి, ఇప్పుడు ధర వినబడాలంటోంది. నాకు నవ్వొచ్చింది. మళ్లీ రికార్డు చేశాం. పాత మాటల కింద రెండే వాక్యాలు కలిపాను. "మీ ఇంట్లోకి ఒకటి తీసుకోండి, యాభై. చుట్టాలకు పెట్టాలంటే జత పెట్టండి, జత వంద." ఆయన అప్పటికే ప్రెస్సులో చీటీలు కొట్టించేశాడు. ఆ కట్టను ఆమె షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

కొత్తిల్లు చేరే రోజు నన్నూ రమ్మన్నారు. ఆమె కూడా వచ్చింది, మంచి చీర కట్టుకుని, షామియానా చివర కుర్చీ అంచు మీద కూర్చుంది. నేను భోజనం కన్నా వియ్యంకుడినే ఎక్కువ చూశాను. తెల్ల చొక్కా, తెల్ల పంచె, మీసం. పెద్దామె కొడుకు ఆయన భుజం మీద జత వేసి దండం పెట్టాడు. ఆయన ఒకటి తీసి చూశాడు, రెండోది చూశాడు.

"ఇవి ఆ మైకు తువ్వాళ్లే కదప్పా?" అన్నాడు గట్టిగా.

 పెద్దామె చేతిలో తాంబూలం పళ్లెం అట్లే ఉండిపోయింది. నా పక్కన నేతామె తల వంచుకుంది.

"రెండు యాభైలు వంద" అన్నాడాయన. "మొన్న మా తమ్ముడి ఇంట్లో నాకు పెట్టిన డబ్బా, నేను మా బావకు పెట్టిందే. మూడిండ్లు తిరిగి నా కాడికే వచ్చినాది. ఇయ్యి అట్ల తిప్పేదానికి లేదబ్బా, అందరికీ తెలుసు. వాడుకోవాల్సిందే!" అని ఒకటి తలకు చుట్టుకున్నాడు. అందరూ గొల్లుమన్నారు. పెద్దామె కూడా నవ్వింది. పళ్లెం ముందుకు కదిలింది.

భోజనాలయ్యాక అందరూ బోరు దగ్గర చేరారు. చేతులు కడుక్కుని కొత్త తువ్వాళ్లతోనే తుడుచుకున్నారు. ఒక తల్లి పిల్లవాడి తల తుడిచింది. వియ్యంకుడు ఎండకు తాళలేక తన తువ్వాలును నీళ్లలో ముంచి పిండి భుజాన వేసుకున్నాడు. కాసేపటికి తెల్ల చొక్కా భుజం మీద పచ్చటి చార దిగింది. నేతామె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంక గొడవే అనుకున్నాం ఇద్దరమూ.

వియ్యపురాలు వచ్చి చూసింది. "రంగు దిగతాది, వేరేగా నానేసుకోండని ఆ యమ్మ మైకులో గొంతు పోయేదాకా చెప్పినాది కదా! చెవుడా నీకు?" అని మొగుణ్ణి తిట్టుకుంటూ చొక్కా విప్పించి తీసుకుపోయింది. తువ్వాలును ఒక్క మాట అనలేదు. అంతలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నేతామెను గొంతుతో గుర్తుపట్టి చుట్టూ చేరారు. ఒకరింట్లో చెవులు కుట్టడం ఉంది, ఒకరింట్లో పెండ్లి. జతలు ఎప్పటికి ఇస్తావని అడిగారు. షావుకారుకు ఇప్పట్లో మగ్గాలు ఖాళీ లేవని చెప్పమని నేతామె తన భర్తకు ఫోనులో చెప్పింది.

మేము బయల్దేరేసరికి కొత్తింటి పిట్టగోడ మీద, ముళ్ల కంచె మీద, ఆటో కడ్డీ మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. కొన్ని అప్పుడే ఆరిపోయాయి. నేతామె నడవడం ఆపేసి నిలబడి చూస్తోంది. ఏమైందన్నాను. 

"పెండ్లయినప్పటి నుంచీ నేస్తాండానక్కా. నేను నేసిన తువ్వాలు తడవడం ఇదే చూడడం."